గేటు మూసిన వారం

శాంతమ్మ టీచరును ఆళ్లగడ్డలో గట్టి మనిషి అనేవాళ్లు. పిల్లల్ని కొట్టేది కాదు, గొంతు పెంచేది కాదు. ఆమె వరండాలోకి అడుగు పెడితే తరగతి దానంతటదే సద్దుమణిగేది. ఎనభైల్లో మేము ఆమె పక్కింట్లో కాపురం ఉన్నాం. నంద్యాలలో చేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే "ఆడ ఎండలెక్కువ" అని చెప్పి లోపలికి పోయేది. ఒక వానాకాలం సాయంత్రం మాత్రం ఎందుకో కూర్చుని చెప్పింది. ఆమె వదిలేసిన ముక్కల్ని ఆ తరవాత వాళ్లింట్లోనే ఉండే ఓబులమ్మ చెప్పింది.

శాంతమ్మది శిరివెళ్ల దగ్గర ఒక పల్లె. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. పాస్టరమ్మ పుణ్యాన చదువుకుని, ట్రైనింగు ముగించి, నంద్యాలలో ఒక బాలికల జూనియర్ కాలేజీలో టీచరుగా చేరింది. అక్కడ హైస్కూలు తరగతులు కూడా అదే ఆవరణలో నడిచేవి. ఈమె చెప్పేది ఆ కింది తరగతులకు. వాళ్ల వంశంలో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. భర్త పౌలు ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో బడిపంతులు. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి, సోమవారం తెల్లారి బస్సుకు పోయేవాడు. నంద్యాల పక్కనే నూనెపల్లెలో ఒక్క గది ఇంట్లో శాంతమ్మకు తోడుగా పౌలు పెద్దమ్మ ఓబులమ్మ ఉండేది.

డెబ్బై ఎనిమిదిలో వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. పౌలు వాళ్ల చనిపోయిన అమ్మ పేరే హన్నమ్మ అని పెట్టుకున్నారు. ప్రసవం సెలవు ముగిసి శాంతమ్మ మళ్లీ బడికి పోయేటప్పటికి పిల్లకు ఇంకా బోర్లా పడటం కూడా రాలేదు. తల్లిపాలు తప్ప వేరేది నోట పెట్టదు. గేదెపాలు నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తే ఉమ్మేసేది.

అయినా రోజులు ఎలాగో గడిచాయి. బడి పదింటికి. శాంతమ్మ పాలిచ్చి బయలుదేరేది. మధ్యాహ్నం ఒంటిగంట బెల్లు కొట్టేసరికి ఓబులమ్మ పిల్లను పాత చీరలో చుట్టుకుని, పక్క సందులో ఉన్న చిన్న గేటు దగ్గరికి వచ్చేది. అటెండరు సుబ్బరాయుడు గడియ తీసేవాడు. కుట్టుమిషన్ల గదిలో గోడవైపు తిరిగి కూర్చుని శాంతమ్మ బిడ్డకు పాలిచ్చుకునేది. దీనికి ఎవరి అనుమతీ తీసుకోలేదు, ఎవరూ వద్దనలేదు. అలా జరిగిపోతూ వచ్చింది.

ఏప్రిల్లో, వార్షిక పరీక్షల ముందు శనివారం, సుబ్బరాయుడు సర్క్యులర్ పుస్తకం చంకన పెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చాడు. ప్రిన్సిపాల్ వకుళమాల గారు సర్క్యులర్లు తెలుగులోనే రాసేవారు. అహోబిలం పండితుల ఇంటి ఆడపడుచు. అక్షరం ముత్యంలా ఉండేది. అందరూ చదివి, తమ పేరు ఎదురుగా సంతకం చేయాలి. లెక్కల టీచరు భారతమ్మ కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినబడేలా చదివింది.

"వార్షిక పరీక్షల వారంలో పాఠశాల వేళలు మార్చడమైనది. ఉదయం ఏడున్నర నుండి పదిన్నర వరకు మొదటి పరీక్ష, పదకొండున్నర నుండి రెండున్నర వరకు రెండవ పరీక్ష. సిబ్బంది ఏడు గంటలకల్లా కార్యాలయంలో హాజరై జవాబు పత్రములు లెక్కచూసి తీసుకొనవలెను. రెండు పరీక్షల నడుమ ఎవరును ఆవరణ దాటరాదు. రిలీవరు వచ్చువరకు గది విడువరాదు. మొదటి బెల్లు నుండి చివరి కట్ట కార్యాలయమునకు చేరువరకు రెండు గేట్లును మూసివుండును. బయటివారిని, కుటుంబ సభ్యులను, క్యారియర్లు తెచ్చువారిని లోనికి అనుమతించుట లేదు. క్యాజువల్ లీవులు మంజూరు చేయబడవు. డ్యూటీల మార్పిడికి ముందుగా నా వ్రాతపూర్వక అనుమతి ఉండవలెను."

కింద డ్యూటీల పట్టిక ఉంది. మేడమీద సందువైపు చివరి గది, రెండు పూటలూ, వారమంతా: శాంతమ్మ. రిలీవర్లు: భారతమ్మ, మరో సీనియరు. చిన్న గేటు: సుబ్బరాయుడు.

శాంతమ్మ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. ఇంటి నుంచి ఆరున్నరకే బయలుదేరాలి. కట్టలు అప్పగించి ఇల్లు చేరేటప్పటికి నాలుగవుతుంది. అంతసేపు పిల్ల ఏం తాగాలి?

"పెట్టెయ్ శాంతమ్మా" అంది భారతమ్మ. "సంతకం సదివినట్టే, ఒప్పుకున్నట్టు కాదులే."

శాంతమ్మ సంతకం పెట్టి, నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

వకుళమాల గారు ఆమెను కూర్చోమన్నారు. విన్నారు. విసుక్కోలేదు.

"హాఫ్ ఇయర్లీలో ఏం జరిగిందో నీకు తెలీదు, నువ్వు సెలవులో ఉన్నావు" అన్నారు. "అన్నం క్యారియర్‌లో పెట్టుకుని ప్రశ్నపత్రం బయటికి పోయింది. జిల్లా విద్యాధికారి దాకా పోయింది కంప్లైంటు. ఈసారి గేటు తీసేది లేదని, ఎవరికీ మినహాయింపు ఉండదని రాసిచ్చాను. మొన్ననే గుమాస్తా వాళ్ల అమ్మకు బాగా లేదంటే కూడా ఒప్పుకోలేదు. నీకు తీస్తే ఆయనకేం చెప్పను?"

"మేడం, పిల్ల పైపాలు తాగదు."

"ఒక్క వారమే కదమ్మా. ఆకలైతే తాగుతుంది. పసిపిల్లలు తొందరగా అలవాటు పడతారు."

"నన్ను రిలీవరుగా వేస్తే... కింద ఉంటాను. గేటు దగ్గరే పది నిమిషాలు..."

"రిలీవరు అన్ని గదుల్లోకీ పోతుంది. అందుకే సీనియర్లను వేశాను. నీకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. రేపు ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి. ఎవరైనా మార్చుకుంటామని రాసిస్తే చూస్తాను" అన్నారు.

ప్రొబేషన్ మాట ఆవిడ బెదిరించడానికి అనలేదు. ఉన్నది చెప్పారంతే. కానీ ప్రొబేషన్ నివేదిక రాసేది ఆవిడే. ఆ మాట విన్నాక శాంతమ్మ లేచి బయటికి వచ్చింది.

భారతమ్మను అడిగింది. భారతమ్మ నిట్టూర్చింది. "నా పెద్దోడప్పుడు నేను కర్నూల్లో ట్రైనింగులో ఉన్న్యా. పిల్లోడు ఈడ మా అమ్మ కాడ. గుడ్డలు అడ్డం పెట్టుకుని క్లాసులకు పోతాంటి. అందరం అట్నే పెంచినాం. నేను గది డ్యూటీ తీసుకుంటే రెండు పూటలూ నిలబడాల, మోకాళ్లు ఆగవు. రిలీవరు పనైతే నడుమ కూర్చోవచ్చు. ఏమనుకోవద్దు తల్లీ."

పౌలు ఆ రాత్రి వచ్చాడు. ఆయన బడిలోనూ పరీక్షలే. విని తల పట్టుకున్నాడు. "సెలవు పెట్టరాదా?" అన్నాడు. ఇవ్వరని చెప్పింది. మరేమీ తోచక ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చి, సోమవారం తెల్లారుజామున బస్సెక్కి పోయాడు.

సోమవారం శాంతమ్మ నిద్రపోతున్న పిల్లను లేపి పాలిచ్చి, మిగిలినవి పిండి గ్లాసులో ఓబులమ్మకు ఇచ్చి, సగం నడక సగం పరుగుగా బడికి పోయింది. ఆఫీసులో జవాబు పత్రాలు, దారాలు లెక్కచూసుకుని మేడెక్కింది. బెల్లు కాగానే కవరు చించి ప్రశ్నపత్రాలు పంచింది. ఒక్కో బెంచీకి ఒక ఆరో తరగతి పిల్ల, ఒక ఎనిమిదో తరగతి పిల్ల. ఒక్కొక్కరి దగ్గరికి పోయి నంబరు సరిచూసి కాగితం మీద సంతకం పెట్టుకుంటూ వచ్చింది. అప్పటిదాకా బాగానే ఉంది. తొమ్మిది దాటేసరికి రొమ్ములు బరువెక్కాయి. పది ప్రాంతంలో భారతమ్మ వచ్చి "పో, పోయిరా" అనగానే కుట్టుమిషన్ల గదికి పరిగెత్తి, తలుపు గడియపెట్టి, కిటికీ దగ్గరున్న మట్టిచట్టిలోకి పాలు పిండుకుంది. ఆ చట్టిలో నీళ్లు తాగే పావురాలు రెక్కలు కొట్టుకుంటూ కిటికీ మీద నిలబడ్డాయి. సగం కూడా పిండలేదు, టైము అయిపోయింది.

రెండో పరీక్షలో జాకెట్టు తడిసింది. కొంగు రెండు మడతలు వేసి భుజం మీద నుంచి కప్పుకుంది. ఏప్రిల్ ఎండకు మేడ కప్పు సెగలు కక్కుతోంది. అంత ఉక్కలో కొంగు కప్పుకున్న టీచరును చూసి, ఆ పూట పరీక్ష రాస్తున్న తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. శాంతమ్మ జవాబు పత్రాల కట్టను ఎదకు హత్తుకుని వరసల మధ్య నడుస్తూ ఉండిపోయింది.

ఇంటికి పోయేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుని ఉంది. గ్లాసులో పాలు పొద్దున్నే అయిపోయాయి. గేదెపాలు ఒక్క చుక్క మింగలేదని ఓబులమ్మ చెప్పింది. ఆకలి మీద ఉన్న పిల్ల రొమ్ము అందుకుంది గానీ, రాయిలా గట్టిపడిన దాన్ని నోటితో పట్టలేక మళ్లీ ఏడ్చింది.

మంగళవారం మొదటి పరీక్ష సగంలో ఉండగా, సందులోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. శాంతమ్మకు కిటికీ దగ్గరికి పోకుండానే తెలిసిపోయింది ఎవరి ఏడుపో. వినగానే రెండు వైపులా పాలు జివ్వున చేపుకొచ్చాయి. కిందికి చూసింది. ఓబులమ్మ గేటు ఊచలు పట్టుకుని సుబ్బరాయుడితో మాట్లాడుతోంది.

"తియ్యప్పా గడియ. రోజూ తీస్తాంటివి గదా!"

"నాకేమన్నా నొప్పా అవ్వా తీసేదానికి? ఈ వారం తియ్యగూడదని రాసినారు. నా పేరు కూడా రాసినారు దాంట్లో."

"పిల్ల ఏడుస్తాండాది, కనపళ్లేదా?"

"కనపడతాండాది. ఇనపడతాండాది. ఏం జెయ్యమంటావ్?"

శాంతమ్మ గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. వెనక నలభై మంది పిల్లలు. వరండాలో ఎవరూ లేరు. భారతమ్మ ఇంకా మూడు గదుల అవతల ఉంది. ఒక్క నిమిషం దిగిపోతే? ఆ నిమిషంలోనే ప్రిన్సిపాల్ వస్తే? గుమ్మానికి అటూ ఇటూ చేతులు ఆనించి అలాగే నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి వచ్చి, అదనపు కాగితం అడిగిన పిల్లకు కాగితం ఇచ్చింది.

పదిన్నరకు కట్ట కట్టి ఆఫీసులో అప్పగించి సందు గేటుకు పరిగెత్తింది. ఓబులమ్మ గోడ నీడన ఇంకా కూర్చునే ఉంది. సుబ్బరాయుడు లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, గడియ మాత్రం అడగొద్దు" అన్నాడు.

"అడగను" అంది శాంతమ్మ.

ఊచల గేటు ముందు నేల మీద కూర్చుంది. "అత్తా, పిల్లను ఇట్ట దగ్గరికి పట్టుకో" అంది. ఓబులమ్మకు అర్థమై, తానూ అటువైపు కూలబడి, పిల్లను ఊచలకు ఆనించి పట్టుకుంది. శాంతమ్మ కొంగు కప్పుకుని, ముఖం ఇనుముకు ఆనించి పాలిచ్చింది. ఎండకు కాలిన ఊచ చెంపకు చురుక్కుమంది. పిల్ల ఉక్కిరిబిక్కిరవుతూ తాగింది. సుబ్బరాయుడు వాళ్లకు వీపు పెట్టి, బడివైపు తిరిగి నిలబడ్డాడు.

రెండో వైపుకు మార్చబోతుండగా అతను గట్టిగా దగ్గాడు. వరండాలో వకుళమాల గారు నిలబడి ఉన్నారు.

ఆవిడ అరవలేదు. దగ్గరికి వచ్చి, తల పక్కకు తిప్పుకుని, "లేమ్మా" అన్నారు. శాంతమ్మ లేచింది. సందులో సైకిలు దిగి ఒకాయన చూస్తూ నిలబడ్డ సంగతి అప్పుడు గమనించింది.

"గేటు తీయలేదు మేడం" అన్నాడు సుబ్బరాయుడు.

"ఊచల సందునించి కాగితం కూడా పోతుంది సుబ్బరాయుడూ. రేపు ఆయనెవరో బయట చెబితే, గేటు దగ్గర ఏదో చేతులు మారిందని చెబుతాడు. నేను కాదని ఎలా అనగలను? ఇంకోసారి ఇలా జరిగితే నీకు మెమో ఇవ్వక తప్పదు."

ఆ మాట శాంతమ్మతో కాదు, సుబ్బరాయుడితో అన్నారు. అతనికి నలుగురు పిల్లలని శాంతమ్మకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, "రేపట్నుంచి గేటు కాడికి రావద్దు అత్తా" అని చెప్పింది.

"పిల్ల గతి?"

"గుడ్డ ముంచి చీకించు. ఎట్నో ఒకట్ల తాగించు."

"నీ బడి బండలైపోను!" అంది ఓబులమ్మ.

బుధవారం ఎడమవైపు రొమ్ములో గోలీకాయంత గడ్డ తగిలింది. ఓబులమ్మ వేడినీళ్ల కాపడం పెట్టింది, పాల పోటు తగ్గుతుందని మల్లెపూలు తెచ్చి కట్టింది. గురువారానికి అది నిమ్మకాయంత అయి, చర్మం ఎర్రబడింది. చెయ్యి ఎత్తితే ప్రాణం పోయినట్టుండేది. ఒళ్లు కాలిపోతోంది. అయినా పోయింది. డాక్టరు సర్టిఫికెట్టు లేనిదే సెలవు లేదు. డాక్టరు దగ్గరికి పోవాలంటే పొద్దున్నే పోవాలి. పొద్దున్నే పోతే గదిలో ఎవరుంటారు? ఇలా ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి తిరిగి తిరిగి మొదటికే వచ్చేవి. శనివారం దాకా ఓర్చుకుంటే అయిపోతుందనుకుంది.

అదే రోజుల్లో పిల్ల గేదెపాలకు అలవాటు పడింది. బుధవారం సాయంత్రం గుడ్డ చీకింది. గురువారం ఉగ్గుగిన్నెతో తాగింది. ఓబులమ్మ సంతోషంగా చెబితే శాంతమ్మ "మంచిదే" అంది. చెప్పి, అటు తిరిగి పడుకుంది.

శుక్రవారం రెండో పరీక్షలో భారతమ్మ రిలీవరుగా వచ్చేసరికి శాంతమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పరీక్ష గదిలో ఆమె కూర్చోవడం భారతమ్మ అంతకుముందు చూడలేదు. పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. భారతమ్మ చెయ్యి పట్టుకుని చూసి, "ఓయమ్మా, ఏందీ ఇది, నిప్పులాగ కాల్తాండావ్!" అంది.

"పది నిమిషాలు ఉండు భారతమ్మా, ముఖం కడుక్కొని వస్తా."

"పది నిమిషాలు కాదు. నువ్వు కిందికి పో. తక్కిన గదులోళ్లు నాకోసం చూస్తే చూడనీ. ఈ గది అయిపోయేదాకా నేనే ఉంటా. మేడం ఏమన్నా అంటే భారతమ్మ పంపించిందని చెప్పు."

శాంతమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగింది. ప్రిన్సిపాల్ గది గుమ్మంలో నిలబడి, "భారతమ్మ పంపించింది మేడం" అంది. వకుళమాల గారు లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టారు. తడిసి ఎండిన జాకెట్టూ, దాని మీద చీము చారా చూశారు. తరవాత సుబ్బరాయుణ్ణి పిలిచి చిన్న గేటు తీయించారు.

"రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకుపో. నేను పైకి పోతున్నాను" అన్నారు.

మోకాళ్ల నొప్పితో ఉన్న భారతమ్మను రిలీవరు పనికి పంపించి, ఆ పూటా, శనివారం రెండు పూటలా మేడమీది చివరి గదిలో ఆవిడే నిలబడ్డారట. ఆ సంగతి తరవాత భారతమ్మ చెప్పింది.

ఆసుపత్రిలో గడ్డ కోశారు. రెండు రోజులు ముందొస్తే కోత లేకుండా పోయేదని డాక్టరమ్మ కోప్పడింది. ఆ వైపు పాలివ్వకూడదంది. పాలు ఇంకిపోవడానికి మాత్రలు రాసింది. శనివారం సాయంత్రం పౌలు వచ్చి, కట్టుతో మంచం మీదున్న భార్యను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నాకెందుకు కబురు పెట్టలేదు?"

"పెడితే ఏం జేస్తువు?" అంది శాంతమ్మ.

అతను కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

కుడివైపు కొన్నాళ్లు ప్రయత్నించింది. పిల్ల నోట్లో పెట్టుకుని రెండుసార్లు లాగి, ఏమీ రాకపోతే తల తిప్పుకునేది. ఓబులమ్మ చేతిలో గిన్నె చూస్తే కాళ్లు ఆడించేది. వేసవి సెలవులు మొదలయ్యేటప్పటికి పాలు పూర్తిగా ఇంకిపోయాయి. బిడ్డతో ఇంట్లోనే ఉండే సెలవులు, పొద్దంతా తీరిక. ఆ తీరికకు ఇంక పని లేకుండా పోయింది.

సెలవుల్లో ఒక సాయంత్రం వకుళమాల గారు నూనెపల్లెకు వచ్చారు. రిక్షా దిగి, తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చారు. ఓబులమ్మ చాప వేసి, తలుపు పక్కకు పోయి నిలబడింది. తమ ఇంట్లో ఆవిడ నీళ్లు తాగుతారో లేదో తెలియక శాంతమ్మ అడగలేదు. ఆవిడే అడిగి గ్లాసు తీసుకుని తాగారు. సంచిలోంచి పాలపొడి డబ్బా తీసి చాప మీద పెట్టారు.

"ఇది ఈ వూళ్లో దొరకలేదు. కర్నూలునుంచి తెప్పించాను" అన్నారు. పిల్లను ఎత్తుకోబోయి, అది ఏడుపు ముఖం పెట్టేసరికి చేతులు వెనక్కి తీసుకున్నారు. "నీ ప్రొబేషన్ రిపోర్టు పంపించాను శాంతమ్మా. కష్టానికి ఓర్చి విధులు నిర్వర్తించింది అని రాశాను."

శాంతమ్మ తల వంచుకుంది. ఏమైనా అనాలని ఆవిడ ఎదురుచూస్తున్నారని తెలుసు. లోపల ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది బయటపెట్టినా ఆ రిపోర్టు, ఈ డబ్బా, ముందు ముందు ఆళ్లగడ్డకు బదిలీ కోసం పెట్టుకోవలసిన అర్జీ అన్నీ గుర్తొచ్చాయి.

"మంచిది మేడం" అంది.

ఆవిడ ఇంకాసేపు కూర్చుని, ఎండ తగ్గిందని లేచారు. రిక్షా సందు మలుపు తిరిగేదాకా శాంతమ్మ గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చింది. ఓబులమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఎట్ట కలపాల ఇది? ఏమి రాసినారో సూడు" అంది.

శాంతమ్మ డబ్బా తీసుకుని వెలుతురులోకి పట్టుకుంది. నీళ్లు మరగ కాచి చల్లార్చాలని, పొడి ఎంత, నీళ్లు ఎంత అని, అందులో ఉన్నదున్నట్టు నెమ్మదిగా చదివి చెప్పింది. ఓబులమ్మ పొయ్యి అంటించడానికి పోయింది.